ఇచ్చిపుచ్చుకోలు నాయకత్వం, పరివర్తన నాయకత్వం: ఏది ముందు?

ఒక కస్టమర్ సపోర్ట్ టీమ్‌కి ఇద్దరు మేనేజర్లు ఉన్నారనుకుందాం. మొదటివారు నెల మొదట్లోనే చెప్పేస్తారు: "టార్గెట్ దాటితే ఇన్సెంటివ్ వస్తుంది. దాటకపోతే ఎందుకు దాటలేదో కూర్చుని మాట్లాడుకుందాం." రెండోవారు ఇలా అంటారు: "మనకి ఫోన్ చేసే మనిషి అప్పటికే రెండు మూడు చోట్ల తిరిగి విసిగిపోయి ఉంటాడు. ఆ తిరుగుడు మన దగ్గర ఆగిపోవాలి. అందుకే మనం ఉన్నాం." మొదటిది ట్రాన్సాక్షనల్, అంటే ఇచ్చిపుచ్చుకోలు నాయకత్వం. రెండోది ట్రాన్స్‌ఫర్మేషనల్, అంటే పరివర్తన నాయకత్వం. ఈ రెండింటినీ పోల్చేటప్పుడు మొదటిదాన్ని పాతకాలపు పద్ధతిగా, రెండోదాన్ని ఆదర్శంగా చూపించడం మామూలైపోయింది. ఆ పోలిక సరికాదని నా అభిప్రాయం. చిన్న మాట నిలబెట్టుకోని నాయకుడు పెద్ద కల చెబితే ఎవరూ నమ్మరు. కాబట్టి ఈ రెండింటిలో ఏది గొప్పదన్న దానికంటే ఏది ముందు రావాలన్నదే ముఖ్యమైన ప్రశ్న.

ఈ విభజనకు పేరు తెచ్చింది అమెరికన్ రాజనీతి పండితుడు జేమ్స్ మెక్‌గ్రెగర్ బర్న్స్, 1978లో. ఆయన చూసింది కంపెనీలను కాదు, రాజకీయ నాయకులను. ఓటు వేస్తే ఉద్యోగం, మద్దతిస్తే పదవి: ఇలాంటి మారకం మీద నడిచేది ఇచ్చిపుచ్చుకోలు నాయకత్వం. మారకం పూర్తయితే బంధం కూడా తీరిపోతుంది. పరివర్తన నాయకత్వంలో నాయకుడూ అనుచరులూ ఒకరినొకరు పైకి లాగుతారు, ఇద్దరి నైతిక స్థాయీ పెరుగుతుంది. బర్న్స్ దృష్టిలో ఈ రెండూ ఒకే గీతకు రెండు చివరలు. ఒక చివరకు దగ్గరైతే రెండోదానికి దూరమైనట్టే.

1985లో మనస్తత్వవేత్త బెర్నార్డ్ బాస్ ఈ ఆలోచనను సంస్థల్లోకి తెచ్చి రెండు మార్పులు చేశారు. మొదటిది, ఇవి ఒకే గీత మీద లేవని, ఒకే మనిషి రెండూ చేయగలరని అన్నారు. ఇచ్చిపుచ్చుకోలుతో అనుకున్న పని అనుకున్నట్టు జరుగుతుంది, దాని మీద పరివర్తన తోడైతే అనుకున్నదానికి మించి జరుగుతుంది అన్నది ఆయన వాదన. దీన్నే వృద్ధి ప్రభావం అంటారు. రెండో మార్పు గురించి తక్కువగా మాట్లాడతారు కానీ దాని పర్యవసానం చిన్నది కాదు. బర్న్స్ పెట్టిన నైతిక షరతును బాస్ మొదట్లో పక్కన పెట్టారు. జనాన్ని మార్చగలిగితే చాలు, ఎటువైపు మార్చారన్నది వేరే సంగతి అన్నట్టుగా ఆ నిర్వచనం ఉండేది. అలాగైతే హిట్లర్ కూడా అందులోకి వస్తాడు. ఈ ఇబ్బంది నుంచి బయటపడటానికే 1999లో బాస్, పాల్ స్టైడ్ల్‌మైయర్ నిజమైన పరివర్తన నాయకత్వాన్ని, దాని ముసుగు వేసుకున్న నకిలీనీ వేరు చేశారు. ఈ సంగతికి మళ్లీ వస్తాను.

ఇచ్చిపుచ్చుకోలు అన్న ఒక్క పేరు కింద నిజానికి మూడు వేర్వేరు ప్రవర్తనలు ఉన్నాయి. వాటిని కలిపేయడం వల్లే ఆ శైలికి చెడ్డపేరు వచ్చింది. మొదటిది షరతుతో కూడిన ప్రతిఫలం: ఏం చేయాలో స్పష్టంగా చెప్పడం, చేసినవారికి ఒప్పుకున్నది ఇవ్వడం. రెండోది చురుకైన మినహాయింపు పర్యవేక్షణ: తప్పు జరగకుండా కన్నేసి ఉంచి, జరిగిన వెంటనే సరిదిద్దడం. మూడోది దాని నిష్క్రియ రూపం: గొడవ తన టేబుల్ దాకా వచ్చేవరకు కదలకపోవడం. మూడోది ఇల్లు అంటుకున్నాక బావి తవ్వడం లాంటిది. మొదటిది అలా కాదు. జీతం సమయానికి పడటం, ప్రమోషన్‌కి చెప్పిన కొలమానమే చివరిదాకా ఉండటం, సెలవు ఇస్తామన్న రోజు ఇవ్వడం, ఇవన్నీ అందులోకే వస్తాయి. ఇవి సరిగ్గా ఉన్నంతకాలం ఎవరూ గమనించరు. లేని రోజున మాత్రం ఆఫీసులో ఇంకో మాట వినపడదు.

పరివర్తన నాయకత్వానికి బాస్, బ్రూస్ అవోలియో నాలుగు అంగాలు చెప్పారు. ఆదర్శంగా నిలవడం, ఉత్సాహం నింపే లక్ష్యం చూపడం, ఆలోచనను రేకెత్తించడం, ఒక్కొక్కరినీ విడిగా పట్టించుకోవడం. మొదటి రెండూ వేదిక మీద కనపడతాయి కాబట్టి చాలామంది వాటినే నాయకత్వం అనుకుంటారు. నా లెక్కలో అసలు పరీక్ష చివరి రెండింటిలోనే ఉంది. ఆలోచనను రేకెత్తించడమంటే "మీ పద్ధతి తప్పేమో" అని జూనియర్ అనగలిగేంత చోటు ఇవ్వడం. విడిగా పట్టించుకోవడమంటే ఒకరికి కొత్త బాధ్యత కావాలని, మరొకరికి ఆరు నెలలపాటు పనిభారం తగ్గించాలని గుర్తించడం. వీటిని ప్రసంగంతో నెరవేర్చలేం. రోజూ సమయం పెట్టాల్సిందే.

ఇక ఆధారాల సంగతి. 2004లో టిమోతీ జడ్జ్, రొనాల్డ్ పికోలో 87 మూలాల నుంచి 626 సహసంబంధాలను సేకరించి ఒకచోట విశ్లేషించారు. సహసంబంధం అంటే రెండు విషయాలు ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే అంకె: ఒకటికి దగ్గరైతే బంధం బలమైనది, సున్నా అయితే లేనట్టే, మైనస్ అయితే ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. ఉద్యోగుల సంతృప్తి, నాయకుడి ప్రభావశీలత వంటి ఫలితాలతో పరివర్తన నాయకత్వానికి సగటున 0.44 సంబంధం కనిపించింది. షరతుతో కూడిన ప్రతిఫలానికి 0.39. అంటే ఆదర్శమనుకున్నదానికీ పాతదనుకున్నదానికీ మధ్య తేడా కొంచెమే. ఏమీ పట్టించుకోని నాయకత్వానికి మాత్రం మైనస్ 0.37. ఇంకో అంకె నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది: పరివర్తన నాయకత్వానికీ షరతుతో కూడిన ప్రతిఫలానికీ మధ్య సంబంధం 0.80. ఒకదానిలో మంచి మార్కులు వచ్చిన మేనేజర్‌కి రెండోదానిలోనూ చాలావరకు వస్తున్నాయి. కింది ఉద్యోగులు ప్రశ్నపత్రం నింపేటప్పుడు ఈ రెండింటినీ అంత స్పష్టంగా వేరు చేయలేకపోతున్నారన్నది దీనికి ఒక వివరణ కావచ్చు. అది కొంత నిజమే అయ్యుంటుంది. అయితే మాట నిలబెట్టుకునే మేనేజర్‌నే జనం స్ఫూర్తినిచ్చే మేనేజర్‌గా కూడా చూస్తారన్నది నాకు ఇంకా సహజంగా అనిపిస్తుంది.

ఒక్కో శైలి ఒంటరిగా మిగిలితే ఏమవుతుందో రెండు ప్రసిద్ధ ఉదంతాలు చూపిస్తాయి. అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకి ఎనిమిది ప్రొడక్టులు అమ్మాలన్నది లక్ష్యంగా ఉండేది. కోటా, దాని మీద ప్రతిఫలం, అందుకోకపోతే ఒత్తిడి. రూపంలో ఇది స్పష్టమైన ఇచ్చిపుచ్చుకోలే. ఆ టెన్షన్‌లో ఉద్యోగులు ఖాతాదారులకు తెలియకుండానే వాళ్ల పేర్లతో ఖాతాలు తెరిచారు. 2016 సెప్టెంబరులో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అప్పటికి కొన్నేళ్లలో సుమారు 5,300 మందిని ఈ కారణంగా ఉద్యోగాల్లోంచి తీసేశారు. ప్రతిఫలం ఇవ్వడంలో తప్పు లేదు. కొలిచినదాంట్లో తప్పుంది. ఖాతాదారుకి మేలు జరిగిందా అని కాకుండా ఎన్ని ఖాతాలు తెరిచారని అడిగారు, అడిగినదే వచ్చింది. ఆ లెక్క ఎందుకోసమో గుర్తుచేసే గొంతు పైన లేకపోతే ఇచ్చిపుచ్చుకోలు ఇలాగే పక్కదారి పడుతుంది.

రెండో ఉదంతం థెరనోస్. 2003లో మొదలైన ఈ కంపెనీ వేలి నుంచి తీసిన కొన్ని రక్తపు చుక్కలతో ఎన్నో పరీక్షలు చేస్తామని చెప్పింది. వైద్యాన్నే మార్చేస్తామన్న కల, దాన్ని నమ్మించగలిగిన వ్యవస్థాపకురాలు ఎలిజబెత్ హోమ్స్. బయటినుంచి చూస్తే పరివర్తన నాయకత్వపు లక్షణాలు నిండుగా ఉన్నాయి. కానీ యంత్రం చెప్పినట్టు పనిచేయడం లేదని లోపలివాళ్లు అడిగితే వారికి చోటు దొరకలేదు. నాలుగు అంగాల్లో మూడోదైన ఆలోచనను రేకెత్తించడం అక్కడ తలకిందులైంది. 2018లో కంపెనీ మూతపడింది. 2022 జనవరిలో పెట్టుబడిదారులను మోసం చేసినట్టు ఆమె మీద నేరం రుజువైంది. బాస్, స్టైడ్ల్‌మైయర్ చెప్పిన నకిలీకి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. నాయకుడి మాటల్లో వెతికితే నకిలీ దొరకదు, ఎందుకంటే మాటలు రెండు చోట్లా ఒకేలా ఉంటాయి. ప్రశ్న అడిగిన మనిషికి మర్నాడు ఏం జరిగిందో చూడాలి.

రెండూ కలిసి నడిచిన చోటు అల్యూమినియం కంపెనీ అల్కోవా. 1987లో పాల్ ఓనీల్ పగ్గాలు పట్టాక పెట్టుబడిదారులతో మొదట మాట్లాడింది లాభాల గురించి కాదు, కార్మికుల భద్రత గురించి. పనికి వచ్చిన ఎవరూ దెబ్బ తగిలి ఇంటికి వెళ్లకూడదన్నారు. ఇది పరివర్తన భాష, ఎవరూ కాదనలేని లక్ష్యం. అయితే ఆయన అక్కడితో ఆగలేదు. ఎక్కడ ఎవరు గాయపడినా ఆ విభాగం అధిపతి 24 గంటల్లో తనకు తెలియజేయాలి, మళ్లీ జరగకుండా ఏం చేస్తారో చెప్పాలి. ఈ నియమాన్ని పాటించేవారికే పైమెట్టు. ఒక ప్లాంటులో జరిగిన ఘటనను పైకి చెప్పలేదని ఒక సీనియర్ అధికారిని ఉద్యోగంలోంచి తీసేశారు. షరతుతో కూడిన ప్రతిఫలం, చురుకైన పర్యవేక్షణ, పర్యవసానం: పుస్తకంలో ఉన్న ఇచ్చిపుచ్చుకోలు అంతా ఇక్కడ ఉంది. గాయం గురించి 24 గంటల్లో పైకి తెలియాలంటే కింది కార్మికుడు భయం లేకుండా సూపర్‌వైజర్‌కి చెప్పగలగాలి. అలా ఆ నియమమే మాట్లాడుకునే దారి తెరిచింది. కల లేకపోతే ఆ నియమం ఒట్టి కాగితం, నియమం లేకపోతే ఆ కల ఒట్టి ప్రసంగం.

పరిస్థితిని బట్టి పాళ్లు మారతాయన్నది నిజమే. తప్పుకి చోటులేని, పద్ధతి ముందే స్థిరపడిన పనిలో ఇచ్చిపుచ్చుకోలు ఎక్కువ పాలు తీసుకుంటుంది. దారి మార్చుకోవాల్సిన సంస్థకు పరివర్తన ఎక్కువ కావాలి. పరివర్తన నాయకత్వం పుట్టుకతో వచ్చే గుణమన్న అపోహ కూడా ఉంది. 1996లో జూలియన్ బార్లింగ్ బృందం బ్యాంకు మేనేజర్లలో కొందరికి పరివర్తన నాయకత్వంలో శిక్షణ ఇచ్చి, ఇవ్వనివారితో పోల్చింది. శిక్షణ పొందినవారి కింది ఉద్యోగుల్లో సంస్థ పట్ల నిబద్ధత పెరిగింది. అంటే నేర్చుకోవచ్చు.

ముందు మాట నిలబెట్టుకోవాలి, ఆ తర్వాతే కల చెప్పాలి అన్న క్రమం నాకు పుస్తకాలకంటే ముందు పనిలోనే అర్థమైంది. ఎంబీఏలో చేరకముందు రెండేళ్లు ఒక సపోర్ట్ టీమ్‌లో పనిచేశాను. మా మొదటి మేనేజర్ చాలా బాగా మాట్లాడేవారు. మేము కస్టమర్ జీవితాన్ని మారుస్తున్నామని ఆయన చెప్పిన రోజున గదిలో అందరం లేచి నిలబడ్డాం. కానీ రాత్రి షిఫ్టులు ఆయన చెప్పినట్టు వంతులవారీగా ఎప్పుడూ మారలేదు. మూడు నెలలకు ఆ మాటలు వినడానికి ఎవరూ తలెత్తడం మానేశారు. తర్వాత వచ్చిన మేడమ్ మొదటి ఆరు వారాలు లక్ష్యాల ఊసే ఎత్తలేదు. షిఫ్టుల జాబితా గోడకు అంటించారు, దాన్ని ఒక్కరోజు కూడా మార్చలేదు. పెండింగ్‌లో ఉన్న ఇన్సెంటివ్‌లు ఇప్పించారు. ఏడో వారం మమ్మల్ని కూర్చోబెట్టి, "ఒకే కస్టమర్ మూడోసారి ఎందుకు ఫోన్ చేస్తున్నాడు? నాకు తెలియదు, మీకు తెలుసు" అన్నారు. ఆ రోజు మీటింగ్ గంట అనుకున్నది రెండున్నర గంటలు నడిచింది. మూలన కూర్చుని ఎప్పుడూ నోరు విప్పని అబ్బాయే అందరికంటే ఎక్కువ మాట్లాడాడు.