ఆలస్యంగా అందిన లగేజీ: ట్యాగ్ నంబరు 0991437268 – నష్టపరిహారం కోరుతూ ఫిర్యాదు

ఫ్రిస్కో, టెక్సస్
తేదీ: 3 మార్చి 2025

మేనేజర్ గారికి,
బ్యాగేజీ క్లెయిమ్స్ విభాగం,
హైదరాబాద్ కార్యాలయం

ప్రయాణికురాలు: ఎం. విజయలక్ష్మి
పీఎన్ఆర్: K7QWLD (హైదరాబాద్–డాలస్, రానుపోను టికెట్)
ప్రయాణ తేదీ: 12 ఫిబ్రవరి 2025
బ్యాగేజీ ట్యాగ్: 0991437268
పెట్టె అందలేదని డాలస్ విమానాశ్రయంలో రాసి ఇచ్చిన నివేదిక, అంటే పీఐఆర్, ఫైలు నంబరు: 18346, 12 ఫిబ్రవరి 2025
పెట్టె చేతికి అందినది: 18 ఫిబ్రవరి 2025, మంగళవారం రాత్రి

అయ్యా,

ఫిబ్రవరి 12న మీ విమానంలో హైదరాబాద్ నుంచి బయలుదేరి, మధ్యలో ఒకచోట విమానం మారి, అదే రోజు సాయంత్రం డాలస్‌లో దిగాను. మూడు పెట్టెలు చెకిన్ చేశాను. రెండు ఉచితం, మూడోదానికి ముందుగానే ఆన్‌లైన్‌లో రూ. 16,500 కట్టాను. రెండు వచ్చాయి. డబ్బు కట్టిన మూడో పెట్టె రాలేదు.

బెల్టు ఆగిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. మీ కౌంటర్‌లోని అమ్మాయి ట్యాగ్ కొట్టి చూడగానే, విమానం మారిన చోటే పెట్టె ఉండిపోయిందని చెప్పింది. అంటే నేను దిగకముందే ఆ సంగతి మీ కంప్యూటర్‌లో ఉంది. అయినా ఒక్క మెసేజ్ రాలేదు. విమాన సంస్థల అంతర్జాతీయ సంఘమైన ఐయాటా 753వ తీర్మానం 2018 జూన్ నుంచి అమల్లో ఉంది. పెట్టె తీసుకున్నప్పుడు, విమానంలోకి ఎక్కించినప్పుడు, మరో విమానానికి మార్చినప్పుడు, చివరికి ప్రయాణికుడికి అప్పగించినప్పుడు దాని కదలికను నమోదు చేయాలని అది చెబుతుంది. నా పెట్టెకు సంబంధించిన ఆ స్కాన్ రికార్డు ప్రతిని నాకు పంపండి. రెండు విమానాల మధ్య గంటా అయిదు నిమిషాల వ్యవధి చాలదని ఇప్పుడు మీవాళ్లు అంటున్నారు. ఆ వ్యవధితో టికెట్ అమ్మింది మీరే కదా.

ఆదివారం, ఫిబ్రవరి 16న మా అమ్మాయి సీమంతం. ఈ ప్రయాణం పెట్టుకున్నదే దానికోసం. అమ్మాయికి పెట్టాల్సిన పట్టుచీర, నేను కట్టుకోవాల్సిన చీరలు, చలిబట్టలు, రోజూ వేసుకునే బట్టలు అన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. వచ్చిన రెండు పెట్టెల్లో ఉన్నవి పచ్చళ్లు, పొడులు, బాలింతకు పెట్టే కాయం సామాను, పుట్టబోయే బిడ్డకు కుట్టించిన చొక్కాలు. "మిగతా రెండు బ్యాగులు అందాయి కాబట్టి మీకు పెద్ద ఇబ్బంది కలిగి ఉండదు" అని ఫిబ్రవరి 24న మీ ఆఫీసు నుంచి వచ్చిన ఈమెయిల్‌లో రాశారు. అరవై నాలుగేళ్ల మనిషికి పసిబిడ్డ చొక్కాలు పట్టవని వేరే చెప్పాలా?

ఫిబ్రవరి 14న మీ డాలస్ సిబ్బంది ఫోన్ చేసి, పెట్టె వచ్చింది, వచ్చి చూసి తీసుకెళ్లమన్నారు. అల్లుడు ఆఫీసులో ఉన్నాడు, అమ్మాయి నిండు గర్భిణి. కాబట్టి ఒక్కదాన్నే క్యాబ్‌లో వెళ్లాను. అక్కడ చూపించింది వేరే ఎవరిదో నీలం పెట్టె. నాది మెరూన్ రంగని పీఐఆర్‌లో రాసే ఉంది. ఆ కాగితం తీసి చూసి ఉంటే నేను అంత దూరం వెళ్లాల్సిన పనే ఉండేది కాదు.

పెట్టె లేనందువల్ల నాకైన ఖర్చులు ఇవి. ప్రతిదానికీ రసీదు ఉంది.

12 ఫిబ్రవరి: చలికోటు, స్వెటర్, మేజోళ్లు – 148.60 డాలర్లు
13 ఫిబ్రవరి: రెండు జతల బట్టలు, లోదుస్తులు, దువ్వెన, బ్రష్షు వగైరా – 86.25 డాలర్లు
14 ఫిబ్రవరి: విమానాశ్రయానికి రానుపోను క్యాబ్ – 79.50 డాలర్లు
15 ఫిబ్రవరి: అర్వింగ్‌లోని ఇండియన్ దుకాణంలో పట్టుచీర – 164.00 డాలర్లు
అదే రోజు: రెడీమేడ్ జాకెట్టు, దాన్ని సరిచేయించిన కూలి – 35.00 డాలర్లు
అదే రోజు: గాజులు, పసుపు కుంకుమ, తాంబూలం సామాను – 42.80 డాలర్లు
మొత్తం: 556.15 డాలర్లు

పెట్టెలో అమ్మాయి కోసం చేయించి తెచ్చిన సున్నుండలు సీమంతం అయిపోయాక వచ్చాయి. వాటిని ఈ లెక్కలో కలపలేదు.

పై ఈమెయిల్‌లో మీరు రెండు మాటలు చెప్పారు. ఒకటి, సద్భావనగా 100 డాలర్ల ట్రావెల్ వోచర్ ఇస్తామన్నారు. నాకు వోచర్ వద్దు. నేను ఖర్చు పెట్టింది డబ్బు, తిరిగి రావాల్సిందీ డబ్బే. రెండోది, బట్టలు నా దగ్గరే ఉంటాయి కాబట్టి వాటి వెలలో సగమే లెక్కలోకి తీసుకుంటామన్నారు. మాది ఖమ్మం. ఆ చలికోటు వేసుకొని ఖమ్మంలో ఎక్కడికి వెళ్లాలో మీరే చెప్పండి. అలాంటి కోటు ఇంట్లో ఉన్నదే పెట్టెలో సర్దుకున్నాను. రెండోది నాకు అక్కర్లేదు. పట్టుచీర సంగతీ అంతే, సీమంతం నాటికి పెట్టె వచ్చి ఉంటే అది కొనేదాన్ని కాదు.

చట్టం విషయానికి వస్తే, 1999 మాంట్రియల్ ఒప్పందం భారతదేశంలో 2009 నుంచి అమల్లో ఉంది. దాని 19వ అధికరణం ప్రకారం లగేజీ ఆలస్యమై కలిగిన నష్టానికి విమాన సంస్థే బాధ్యురాలు. చేయగలిగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామని రుజువు చేసుకోవాల్సింది మీరే. 22వ అధికరణం కింద పరిమితి 2024 డిసెంబరు 28 నుంచి ఒక్కో ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు, అంటే అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్క కట్టే ప్రమాణాలు. నా ఖర్చు అందులో మూడో వంతు కూడా కాదు. పెట్టె అందిన 21 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలన్న 31వ అధికరణం నిబంధన ఈ లేఖతో తీరింది.

బ్యాగు రుసుము సంగతి వేరు. అమెరికాకు వచ్చే విమానాల్లో, 12 గంటలకు మించిన అంతర్జాతీయ ప్రయాణమైతే, దిగిన 30 గంటల్లోగా పెట్టె అందకపోతే కట్టిన రుసుము వాపసు చేయాలని అమెరికా రవాణా శాఖ నిబంధన ఉంది. 2024 అక్టోబరు నుంచి అది అమల్లో ఉంది. నా పెట్టె ఆరు రోజులకు వచ్చింది. ఆ రుసుము నేను అడగకుండానే మీరు ఇచ్చి ఉండాల్సింది.

కాబట్టి నాకు ఇవ్వాల్సినవి:

రసీదులున్న ఖర్చులు 556.15 డాలర్లు, లేదా చెల్లించే రోజు మారకం రేటు ప్రకారం రూపాయల్లో. టికెట్ కొన్న కార్డుకే బ్యాగు రుసుము రూ. 16,500. తప్పుడు సమాచారంతో తిప్పినందుకు, సమాధానాల పేరుతో ఒకే ఈమెయిల్‌ను మళ్లీ మళ్లీ పంపినందుకు, సేవాలోపం కింద రూ. 15,000. ఇవన్నీ కలిపినా ఒప్పందం పెట్టిన పరిమితిలో సగానికి లోపే ఉంటాయి.

ఈ లేఖ అందిన 30 రోజుల్లో డబ్బు చెల్లించి, ఆ సంగతి రాతపూర్వకంగా తెలియజేయండి. లేకపోతే పౌర విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవలో ఫిర్యాదు నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. టికెట్ హైదరాబాద్‌లో మొదలై హైదరాబాద్‌లోనే ముగుస్తుంది, నా నివాసం ఖమ్మంలో. అందుకే మరో దేశంలో వేసుకోమని చెప్పే వీలు మీకు లేదు.

మే నెల వరకు నేను ఇక్కడే ఉంటాను. టికెట్ బుకింగ్‌లో ఇచ్చిన ఈమెయిల్‌కు జవాబు పంపండి. ఫోన్ చేసేటట్లయితే ఇక్కడి సమయం చూసుకొని పగటిపూట చేయండి.

జతపరిచినవి: టికెట్, బోర్డింగ్ పాసులు, ట్యాగ్ రసీదు, పీఐఆర్ ప్రతి, బ్యాగు రుసుము రసీదు, పెట్టె అందినప్పుడు సంతకం చేసిన కాగితం, ఖర్చుల రసీదులు, ఫిబ్రవరి 24 నాటి మీ ఈమెయిల్.

ఇట్లు,
ఎం. విజయలక్ష్మి
విశ్రాంత ఉపాధ్యాయురాలు, ఖమ్మం