నర్సింగ్ నోట్స్: పడక పుండు, బెడ్ 14

తేదీ 17-11-2025, ఉదయం 10:20. మేల్ మెడికల్ వార్డు.

68 ఏళ్ల పురుషుడు. స్ట్రోక్ వల్ల ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. షుగర్ ఉంది. సేక్రమ్ మీద స్టేజ్ 3 పడక పుండు, ఇంటి నుంచి వచ్చేటప్పటికే ఉంది. బ్రేడెన్ స్కోరు 13.

డ్రెస్సింగ్‌కు అరగంట ముందు నొప్పి మాత్ర ఇచ్చాను. విప్పేటప్పుడు నొప్పి 10కి 4 అన్నారు.

కొలతలు (తల వైపు 12 గంటలుగా): పొడవు 5.2 సెం.మీ., వెడల్పు 4.0, లోతు 1.2. చర్మం అంచు కింద 12 నుంచి 3 గంటల వరకు 1.5 సెం.మీ. బోలు ఉంది. సొరంగాల్లేవు. ఎముక కనబడలేదు, ప్రోబ్‌కు తగల్లేదు.

అడుగున సుమారు 70 శాతం ఎర్రటి, గరుకైన గ్రాన్యులేషన్, తాకితే కొద్దిగా రక్తం చెమ్మ. మిగతా 30 శాతం పసుపు స్లఫ్, ఎక్కువగా కింది అంచున అంటుకుని ఉంది. నల్లటి చచ్చిన కండ లేదు. కోడలు ఆ పసుపు చూసి "చీము పట్టింది" అని భయపడ్డారు. అది చీము కాదని చూపించి చెప్పాను.

డిశ్చార్జ్ మధ్యస్థం: నిన్న ఉదయం కట్టిన ప్యాడ్ సగం వరకు తడిసింది. పల్చగా, లేత గులాబీ రంగు. సెలైన్‌తో కడిగాక వాసన చూశాను, లేదు. చుట్టూ చర్మం ఒక సెం.మీ. మేర తెల్లగా నానింది. ఎరుపు, వేడి, గట్టిదనం లేవు. జ్వరం లేదు, 98.4.

03-11 నాటి కొలత 6.0 × 4.8 × 1.5. వైశాల్యం 28.8 నుంచి 20.8 చదరపు సెం.మీ.కు, అంటే సుమారు 28 శాతం తగ్గింది. అప్పుడు స్లఫ్ సగానికి పైగా ఉండేది, రోజుకు రెండుసార్లు ప్యాడ్ మార్చాల్సి వచ్చేది. పుష్ స్కోరు 16 నుంచి 14. మానుతోంది. అయినా స్టేజ్ 3 అనే రాస్తున్నాం. దయచేసి ఎవరూ "స్టేజ్ 2కి వచ్చింది" అని మార్చవద్దు.

అంచు కింది బోలు మాత్రం రెండు వారాలుగా అదే 1.5. అన్నం పెట్టడానికి తలవైపు ఎత్తి, గంటల తరబడి అలాగే వదిలేస్తున్నారు. ఈ రోజు కూడా ఆయన మంచం సగానికి జారిపోయి కనిపించారు. ఆ రాపిడే కారణమని నా అనుమానం. తిన్నాక గంట కాగానే 30 డిగ్రీలకు దించమని కోడలికి చెప్పాను. పైకి జరిపేటప్పుడు లాగకుండా డ్రాషీట్‌తో ఇద్దరం ఎత్తాం.

చేసింది: సెలైన్ వాష్, బోలులో వదులుగా ఆల్జినేట్, చుట్టూ బ్యారియర్ క్రీమ్, పైన ఫోమ్. ఎయిర్ బెడ్ పనిచేస్తోంది. రెండు గంటలకోసారి పక్క మార్పు, వెల్లకిలా వద్దు. మూత్రం డైపర్‌లో పడుతోంది, తడిసిన వెంటనే మార్చాలి. గుడ్డు రోజుకు రెండు తింటున్నారు. ఫాస్టింగ్ షుగర్ 186, డ్యూటీ డాక్టరుకు చెప్పాను.

డ్రెస్సింగ్ రేపు ఉదయం, ముందే తడిసి బయటికి వస్తే అప్పుడే. వాసన, చీము, జ్వరం, చుట్టూ ఎరుపు పెరిగితే సర్జరీ డాక్టరుకు కాల్. కొలతలు మళ్లీ 24-11న. రాత్రి డ్యూటీ వాళ్లు ప్రతి పక్క మార్పుకూ టైమ్ రాయండి, నిన్న రాత్రి 2 తర్వాత చార్టు ఖాళీగా ఉంది.

స్టాఫ్ నర్సు, ఉదయం డ్యూటీ