నాయనతో, మా ఇంటి వరండాలో

పోయిన వేసవిలో మా చెల్లెలు తీసిన ఫోటో ఇది. తిరుపతి కొర్లగుంటలో మా ఇంటి వరండా. నాయనకు గడ్డం గీసి, మొహం తుడిచి, అప్పుడే పక్కన కూర్చున్నాను. నా కళ్ల కింద నలుపు చూసి "కొంచెం ఎడిట్ చేసి పెట్టక్కా" అనింది చెల్లెలు. వద్దన్నాను, ఉండనీ.

నాయన కొండ బస్సు డ్రైవరు. ఘాట్ రోడ్డులో ఏ మలుపు ఎక్కడ వస్తుందో కళ్లు మూసుకుని చెప్పేవాడు. కిడ్నీలు పోయాక వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. మొదటి షిఫ్టుకు చీకట్లోనే బయలుదేరేవాళ్లం. ఆటోలోంచే కొండకు దండం పెట్టుకునేవాడు. నాలుగేళ్లకు పైగా ఇదే మా బతుకు.

అన్నిటికంటే కష్టం నీళ్లు. రోజుకు అర లీటరు దాటకూడదన్నారు. మజ్జిగ, చారు, మందులు మింగే నీళ్లు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. తిరుపతిలో మే నెల ఎండ మీకు తెలుసు. "పాపా, ఒక్క గుక్కమ్మా" అని అడిగేవాడు. ఐసు ముక్క నోట్లో పెట్టేదాన్ని. కన్నతండ్రి దప్పిక అని అడిగితే లేదని చెప్పిన పూట నాకు అన్నం దిగేది కాదు. మళ్లీ మరుసటి రోజూ లేదనే చెప్పాలి. చెప్పకపోతే ఒంట్లో నీరు చేరి, రాత్రంతా ఆయాసంతో కూర్చునే ఉండేవాడు.

రాత్రిళ్లు ఒళ్లంతా దురద, పిక్కలు పట్టేయడం. రుద్దుతూ రుద్దుతూ కూర్చునే కునుకు తీసేదాన్ని. ఇక నా వల్ల కాదు అనుకున్న రాత్రులు చాలా ఉన్నాయి. ఇదెప్పటికి అయిపోతుందో అని కూడా అనుకున్నాను, అయిపోవడమంటే ఏమిటో తెలిసీ. అట్లా అనుకుంటూనే ఆయన ఎడమ చేతికి డయాలసిస్ కోసం చేసిన ఫిస్టులా మీద వేళ్లు పెట్టి చూసేదాన్ని. లోపల జుమ్మని అదురుతుంటే రక్తం బాగా పారుతోందని లెక్క. అది వేళ్లకు తగిలాకే పడుకునేదాన్ని.

"ఎంత పుణ్యం చేసుకుంటున్నావమ్మా" అనేవాళ్లు చూడ్డానికి వచ్చినవాళ్లు. ప్రేమతోనే అన్నారు, కాదనను. కానీ ఎదురింటి అక్క ఏమీ అనకుండా మధ్యాహ్నం వచ్చి నాయన దగ్గర కూర్చునేది. "నువ్వు పోయి పడుకో, నేనుండాను కదా" అనేది. ఆమె రుణం ఈ జన్మలో తీరదు.

నాయన పోయి మూడు నెలలు కావస్తోంది. ఒళ్లు తేలికపడిన మాట నిజం. ఆయనకు మజ్జిగ కొలిచి పోసిన చిన్న గ్లాసు కనబడితే ఏడుపు ఆగనిదీ నిజమే.

ఆయన వాడిన వీల్‌చైరు, ఎయిర్ బెడ్డు మా ఇంట్లోనే ఉన్నాయి. బెడ్డు మోటారు బాగా పనిచేస్తోంది. తిరుపతి, చంద్రగిరి చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే మెసేజ్ పెట్టండి, ఊరికే ఇస్తాం. ఇంట్లో మనిషిని చూసుకుంటూ నిద్రలేకుండా ఉన్నవాళ్లు, ఊరికే మాట్లాడాలనిపించినా పెట్టండి. ఎంత రాత్రయినా సరే.