1912కు ఫోను చేసిన సైబర్ మోసం బాధితులతో మాట్లాడవలసిన పాఠం

సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది వరకు ఫోనులు ఎత్తేవారి కోసం.

"గత నెల బిల్లు నమోదు కాలేదు, ఈ రాత్రి 9.30కి మీ కరెంటు నిలిపివేస్తాం, వెంటనే ఈ అధికారికి ఫోను చేయండి" అనే దొంగ సందేశం నమ్మి డబ్బు పోగొట్టుకున్నవారు మనకు ఫోను చేస్తున్నారు. వారు చేయవలసింది సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి. అయినా సందేశంలో కరెంటు అని ఉంది, వారి గుర్తులో ఉన్న కరెంటు నంబరు 1912. మనకు కాక ఇంకెవరికి చేస్తారు? అందుకే "రాంగ్ నంబరు", "ఇది మా పని కాదు", "ఓటీపీ ఎందుకు చెప్పారు" అనే మూడు మాటలు ఈ పాఠంలో లేవు. మాట్లాడేటప్పుడు కూడా చేర్చవద్దు.

తెనాలి దగ్గరి ఒక ఊరి నుంచి రాత్రి 7.50కి పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు ఫోను చేశారనుకుని, ఆ సంభాషణను మొదటి నుంచి చివరిదాకా కింద రాశాను. పేరు, ఊరు, మొత్తం మారుతాయి. వరుస మాత్రం మార్చవద్దు.

మనం: నమస్కారమండి, 1912 విద్యుత్తు సహాయ కేంద్రం. నా పేరు సుజాత. చెప్పండి, ఏం ఇబ్బంది వచ్చింది?

ఆయన: అమ్మా, కరెంటు ఆఫీసేనా? మా కరెంటు తీసేస్తామని మెసేజీ వచ్చింది. అందులో ఉన్న నంబరుకు చేస్తే పది రూపాయలు కడితే చాలన్నారు. కట్టాను. ఇప్పుడు చూస్తే బ్యాంకులో డబ్బు లేదు. నా బిల్లు నేను పదో తారీఖునే కట్టానమ్మా, రసీదు కూడా నా చేతిలోనే ఉంది.

(మధ్యలో అడ్డుపడవద్దు. డబ్బు పోయిన మనిషి రసీదు సంగతి ఎందుకు ఎత్తుతున్నారో గమనించండి. తాను బాకీ ఎగవేసే మనిషిని కానని చెప్పుకుంటున్నారు. మన మొదటి జవాబు ఆ మాటకే.)

మనం: బిల్లు కట్టారు, రసీదు దాచుకున్నారు. మీ వైపు ఏ లోటూ లేదండి. ఈ రాత్రి మీ కరెంటు ఎవరూ తీయరు. ఆ సందేశం మేం పంపింది కాదు, మా పేరు పెట్టుకుని ఎవరో పంపారు. అనుమానం రాగానే ఫోను చేశారు, మంచి పని చేశారు. మిమ్మల్ని ఏమని పిలవమంటారు?

ఆయన: వెంకటేశ్వర్లు. ఊళ్లో అందరూ మాస్టారు అంటారు.

మనం: మాస్టారూ, డబ్బు పోయి ఎంతసేపైంది?

ఆయన: ఏడు ఇరవైకి ఒకసారి, తర్వాత రెండు నిమిషాలకు ఇంకోసారి. ముందు 49,999, తర్వాత 38,000.

మనం: అంటే ఇంకా అరగంటే. ఇప్పుడు తొందరపడితే ఉపయోగం ఉంటుంది. ముందు ఒక చిన్న పని చేద్దాం. ఆ మనిషి మీ ఫోనులో ఏదైనా యాప్ వేయించాడా?

ఆయన: వేయించాడమ్మా. తెర మీద అంకెలు వస్తే చదివి చెప్పమన్నాడు.

మనం: సరేనండి. ఫోను పెట్టేయకుండా తెర పైభాగం నుంచి వేలితో కిందికి లాగండి. పక్కపక్కనే పైకీ కిందికీ చూపే రెండు బాణాల గుర్తు కనిపిస్తుంది, దాని కింద మొబైల్ డేటా అని ఉంటుంది. దాన్ని ఒకసారి నొక్కితే వెలుగు పోతుంది. వైఫై గుర్తు కూడా వెలుగుతుంటే దాన్నీ అలాగే నొక్కండి. నేను లైనులోనే ఉంటాను.

(ఆగండి. ఎంతసేపు పట్టినా "అయిందా?" అని రెండుసార్లు అడగవద్దు. వేళ్లు వణుకుతూ ఉంటాయి.)

ఆయన: అయిందమ్మా. రెండూ ఆరిపోయాయి.

మనం: ఇక ఆ యాప్ ద్వారా వాళ్లు మీ తెర చూడలేరు. మాస్టారూ, ఇప్పుడు అసలు పని. వెళ్లిన డబ్బు వాళ్ల చేతికి అందేలోపు ఆపమని బ్యాంకులకు చెప్పే ఏర్పాటు ఒకటి ఉంది. కేంద్ర హోం శాఖ దీనికోసమే ఒక నంబరు పెట్టింది. మా దగ్గర కరెంటు లెక్కలే కనిపిస్తాయి, బ్యాంకు ఖాతాలను ఆపే వీలు లేదు. ఆ వీలున్న చోటికి మిమ్మల్ని పంపుతున్నాను. కాగితం, కలం దగ్గర ఉన్నాయా?

ఆయన: ఉన్నాయి, చెప్పు.

మనం: ఒకటి, తొమ్మిది, మూడు, సున్నా. 1930. రోజంతా పనిచేస్తుంది.

ఆయన: 1930. మరి నేను 1912కు చేశాను కదమ్మా. మీ సమయం వృథా చేశాను.

మనం: లేదండి. సందేశం కరెంటు పేరుతో వచ్చింది కాబట్టి కరెంటు నంబరుకే చేశారు. మీ ఇంటి కరెంటు సంగతి మాతోనే తేలాలి, అది తేలింది. డబ్బు సంగతి 1930లో తేలుతుంది. వాళ్లు అడిగేవి ఇప్పుడే రాసుకుంటే అక్కడ వెతుక్కునే పని ఉండదు. మీ బ్యాంకు పేరు, ఖాతా నంబరు, పోయిన మొత్తం, పోయిన సమయం. బ్యాంకు నుంచి వచ్చిన రెండు మెసేజీలలో లావాదేవీ నంబరు ఉంటుంది, ఆ రెండూ. సందేశంలో ఉన్న, మీరు ఫోను చేసిన నంబరు కూడా.

ఆయన: రాసుకున్నాను. నలభై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పానమ్మా. చివరికి పది రూపాయల దగ్గర మోసపోయాను.

("పరవాలేదండి" అనవద్దు. ఆయనకు పరవా ఉంది. "అందరికీ జరుగుతుంది" అని తేల్చేయవద్దు.)

మనం: మాస్టారూ, వాళ్లు పొద్దున లేచింది మొదలు ఇదే పనిగా ఉంటారు. ఏ మాట అంటే మనిషి తొందరపడతాడో వాళ్లకు బాగా తెలుసు. మీరు ఒక్క రోజు కూడా బాకీ ఉండకూడదనుకునే మనిషి. దాన్నే వాడుకున్నారు. నేరం వాళ్లది. మీరు అరగంటలోనే పోరాటం మొదలుపెట్టారు.

ఆయన: మా అబ్బాయికి మాత్రం తెలియకూడదమ్మా.

మనం: మా నుంచి ఎవరికీ తెలియదండి. ఎప్పుడు చెప్పాలన్నది మీ ఇష్టం. మీ ఫోనుకు ఆ మనిషి మళ్లీ చేయవచ్చు. వేరే ఫోను ఏదైనా ఇంట్లో ఉందా?

ఆయన: మా ఆవిడ దగ్గర బటన్ల ఫోను ఉంది.

మనం: అది చాలు. 1930కి దాని నుంచి చేయండి, మీ ఫోను మెసేజీలు చూడడానికి చేతిలో పెట్టుకోండి. ఫోను ఎత్తగానే ఈ ఒక్క వాక్యం చెప్పండి: "నా ఖాతా నుంచి ఈ సాయంత్రం 7.20కి 87,999 రూపాయలు మోసంతో పోయాయి, ఆపించండి." మిగతావి వాళ్లే అడుగుతారు. ఫిర్యాదు తీసుకున్నాక ఇచ్చే నంబరు తప్పక రాసుకోండి. లైను దొరకకపోతే ఒకటి రెండుసార్లు మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ దొరకకపోతే దగ్గరి పోలీసు స్టేషనుకు వెళ్లండి. cybercrime.gov.in లో కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు.

ఆయన: బ్యాంకుకు రేపు పొద్దున వెళ్లనా?

మనం: రేపు వెళ్లండి, కానీ 1930 అయిన వెంటనే ఈ రాత్రే బ్యాంకు నంబరుకు కూడా చెప్పండి. ఆ నంబరు మీ ఏటీఎం కార్డు వెనక ఉంటుంది. బ్యాంకుకు తెలియజేసిన తర్వాత అనుమతి లేకుండా ఇంకా డబ్బు పోతే ఆ నష్టం బ్యాంకే భరించాలని రిజర్వు బ్యాంకు నిబంధన. అందుకే ఈ రాత్రే చెప్పడం మేలు.

ఆయన: సరేనమ్మా. కరెంటు మాత్రం పోదు కదా? మా ఆవిడకు ఆయాసం, రాత్రి ఫ్యాను లేకపోతే కష్టం.

(ఈ సంగతి ముందే చెప్పాం. విసుగు వినిపించకూడదు. ఇది మనం మాత్రమే ఇవ్వగల భరోసా, నిండుగా ఇవ్వండి.)

మనం: పోదండి. ఎవరికైనా నిజంగా బాకీ ఉన్నా, పదిహేను రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకుండా కరెంటు తీయకూడదని 2003 విద్యుత్ చట్టంలోనే ఉంది. మీకైతే బాకీయే లేదు. అమ్మగారిని నిశ్చింతగా పడుకోమనండి. ఈ వివరాలన్నీ మెసేజీగా పంపుతున్నాను. ఇక ఫోను పెట్టేసి 1930కి చేయండి మాస్టారూ. అది అయ్యాక కరెంటు గురించి ఏ సందేహం వచ్చినా మళ్లీ 1912కే చేయండి.

ఆయన: ఉంటానమ్మా.

మనం: నమస్కారమండి.

ఆయన ముందు పెట్టేయాలి, మనం కాదు.

అవతలివారు కోపంగా ఉన్నప్పుడు. "మీ పేరుతోనే వచ్చింది, మీరే తిరిగి ఇవ్వాలి, ఒకరి మీదికి ఒకరు తోసేస్తారు" అంటే ఇలా చెప్పండి:

మనం: మీ కోపంలో న్యాయం ఉందండి. మా పేరు చూసే నమ్మారు. మా పేరు వాడుకున్న సంగతి నేను ఇక్కడ నమోదు చేస్తున్నాను, ఆ దొంగ నంబరు చెప్పండి. కానీ మీ డబ్బు ఈ నిమిషంలో ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారుతూ ఉండవచ్చు. నన్ను ఎంత తిట్టినా వింటాను, ముందు 1930కి చేసి రండి. తర్వాత మళ్లీ నాకు చేయండి, నా పేరు సుజాత, రాత్రి పది వరకు ఉంటాను.

డబ్బు ఇంకా పోతూనే ఉన్నప్పుడు. పరిచయాలకు సమయం లేదు:

మనం: అర్థమైందండి, తొందరగా రెండు పనులు. ఫోనులో డేటా, వైఫై ఆపండి. వెంటనే ఒకటి తొమ్మిది మూడు సున్నాకు చేసి డబ్బు ఆపమనండి. మీ కరెంటుకు ఏమీ కాదు. ఇప్పుడే చేయండి, మిగతాది మెసేజీలో పంపుతాను.

సందేశం వచ్చింది, డబ్బు పోలేదు. ఇవి తేలికైనవి, అయినా ఆప్యాయంగా:

మనం: అడిగి తెలుసుకున్నారు, చాలా మంచిదండి. అది దొంగ సందేశం. ఆ నంబరుకు చేయవద్దు, సందేశం చెరిపేయవద్దు. ఆ నంబరు మీద cybercrime.gov.in లో ఫిర్యాదు ఇవ్వవచ్చు. మీ సర్వీసు నంబరు చెబితే బిల్లు సంగతి నేనే చూసి చెబుతాను.

ఫోను ముగిసిన నిమిషంలోపు పంపవలసిన మెసేజీ:

"నమస్కారం మాస్టారూ. మీ ఇంటి కరెంటుకు ఏ ఇబ్బందీ లేదు. డబ్బు ఆపించడానికి 1930. చెప్పవలసినవి: బ్యాంకు పేరు, ఖాతా నంబరు, 49,999 మరియు 38,000, సమయం 7.20 నుంచి 7.22, రెండు లావాదేవీ నంబర్లు, మీరు ఫోను చేసిన దొంగ నంబరు. తర్వాత కార్డు వెనక ఉన్న బ్యాంకు నంబరు. డబ్బు తిరిగి ఇప్పిస్తామని ఎవరైనా మీకు ఫోను చేసి ఓటీపీ అడిగితే చెప్పవద్దు. సుజాత, 1912."