చూపుడువేలు

ఈ సీజన్‌తో ఆట మానేస్తున్నానని కార్తీక్ చెప్పినప్పుడు టీమ్‌లో ఎవరూ కారణం అడగలేదు. వయసు 24. పదిహేడో ఏట నుంచి ప్రొఫెషనల్‌గా కౌంటర్-స్ట్రైక్ అనే కంప్యూటర్ షూటింగ్ గేమ్ ఆడుతున్నాడు, విసుగొచ్చి ఉంటుందిలే అనుకున్నారు. అతనూ అలాగే అనుకోనిచ్చాడు.

అసలు సంగతి రాత్రుళ్లు బయటపడేది. కుడిచెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వచ్చేది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు సగం. చిటికెనవేలికి మాత్రం ఏమీ ఉండదు. మంచం అంచున కూర్చుని, పాతకాలం థర్మామీటర్‌ని విదిలించినట్టు చేతిని విదిలించేవాడు. కాసేపటికి తగ్గేది. డాక్టరు ఇచ్చిన మణికట్టు పట్టీ దుప్పటి కిందే వేసుకునేవాడు. దాని వెల్క్రో ఊడదీస్తే చర్రుమంటుంది. పక్క మంచం మీద విహాన్ లేస్తాడేమోనని, పైకి దగ్గుతూ ఊడదీసేవాడు.

విహాన్‌కి 17. వచ్చే సీజన్లో కార్తీక్ సీట్లో కూర్చోబోయేది వాడే.

"మణికట్టు దగ్గర నరం నలుగుతోంది, కార్పల్ టనెల్ అంటాం. ముందు చేతికి రెస్ట్ ఇవ్వాలి. దానికీ తగ్గకపోతే ఆపరేషన్" అన్నారు డాక్టరు.

"ఫైనల్స్ అయ్యాక వస్తానండి" అన్నాడు కార్తీక్.

లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే ఇంకో గేమ్‌లో అంత పేరున్న ఆటగాడు ఉజీ, ఆరోగ్యం సహకరించక 2020లో 23 ఏళ్లకే రిటైర్ అవుతున్నానన్నప్పుడు కార్తీక్‌కి 19. ఆ వార్త చదివి అయ్యో అనుకున్నాడు, మళ్లీ ప్రాక్టీస్‌కి కూర్చున్నాడు. ఆ వయసులో చెయ్యి అనేది ఒకటుందని ఎవరికి గుర్తుంటుంది?

ఎవరికీ చెప్పకుండా సెట్టింగులు మార్చుకుంటూ వచ్చాడు. `sensitivity 0.9` కాస్తా 1.1 అయింది, తర్వాత 1.4. అలా పెంచితే మౌస్‌ని కొంచెం జరిపినా చాలు, స్క్రీన్ మీద గురి చాలా దూరం తిరుగుతుంది. కానీ అప్పటిదాకా భుజం, మోచెయ్యి పంచుకున్న పనంతా మణికట్టు మీదే పడింది. నొప్పి తప్పించుకోవడానికి వెతుక్కున్న దారే నొప్పిని పెంచుతోందని తెలిసేసరికి, పాత నంబరుకి వెనక్కి వెళ్లే టైమ్ లేదు.

ఒకరోజు విహాన్ ఆ నంబరు చూశాడు.

"అన్నా, నీ సెన్స్ ఇంతుందేంటి?"

"ఊరికే, ట్రై చేస్తున్నా."

వాడు ఇంకేమీ అడగలేదు. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని స్క్రీన్‌కేసి చూస్తూ కూర్చున్నాడు. కార్తీక్‌కి అప్పుడది పట్టలేదు.

ఫైనల్ చివరి మ్యాప్. స్కోరు 11-12. ఈ రౌండ్ పోతే అంతా అయిపోయినట్టే, గెలిస్తే ఓవర్‌టైమ్. బాంబ్ పెట్టేశారు. తనవాళ్లు నలుగురూ పోయారు, అవతల ఒక్కడు మిగిలాడు. బాంబ్‌ని ఆపే కిట్ ఉంది కాబట్టి డిఫ్యూజ్‌కి 5 సెకన్లు పడుతుంది. కార్తీక్ కూర్చుని మొదలుపెట్టినట్టు చప్పుడు చేసి, వెంటనే వదిలేసి పక్కకి తిరిగాడు. అవతలివాడు ఏ మూల నుంచి వస్తాడో అతనికి తెలుసు. ఏడేళ్లు ఆడితే వచ్చే తెలివి అది, చెవికి అడుగు వినపడకముందే తెలిసిపోతుంది. అన్నట్టుగానే అక్కడి నుంచే వచ్చాడు. క్రాస్‌హెయిర్ సరిగ్గా తల మీదే ఉంది.

వేలు నొక్కలేదు. నొక్కాననే అనుకున్నాడు కార్తీక్. మెదడు నుంచి మాట వెళ్లింది, చూపుడువేలి దాకా వచ్చి ఎక్కడో ఆగిపోయింది. బటన్ కిందికి దిగిందో లేదో కూడా తెలియనంత మొద్దుబారిపోయి ఉందది. స్క్రీన్ ఎర్రబడ్డాక క్లిక్ వినిపించింది.

గెలిచినవాళ్లు వరసగా వచ్చి చేతులు కలిపారు. ఆ చేతులు తగులుతున్నట్టు కళ్లకి కనిపిస్తోంది గానీ వేళ్లకి తెలియడం లేదు. హెడ్‌సెట్ వైరు చుట్టబోతే రెండుసార్లు జారింది. మూడోసారి విహాన్ తీసుకుని చుట్టిపెట్టాడు.

హోటల్ గదికి వెళ్లాక లైటు కూడా వెయ్యకుండా కూర్చున్నారు. ఓడినందుకు వాడు ఏదో ఓదార్పు మాట అంటాడేమో, అంటే భరించలేను అనుకున్నాడు కార్తీక్.

"అన్నా, నీకు రాత్రుళ్లు తిమ్మిరి ఎప్పుడు మొదలైంది?"

దగ్గులతో ఏమీ దాగలేదన్నమాట. కానీ ఆ గొంతులో ఉన్నది జాలి కాదు, భయం. కార్తీక్ లేచి లైటు వేశాడు.

"చేతులు చాపు. రెండు చేతుల వెనకవైపులూ ఆనించి వేళ్లు కిందికి పెట్టు. ఆఁ, అలాగే. అరవై లెక్కపెట్టు."

విహాన్ లెక్కపెట్టాడు. ఇరవై దాటాక గొంతు తగ్గింది. ఇరవై ఆరు దగ్గర ఆగిపోయాడు.

"ఏ వేళ్లు?"

"బొటనవేలు... ఈ రెండూ."

"కోచ్‌కి చెప్పావా?"

"కాంట్రాక్ట్ ఇంకా సంతకం కాలేదన్నా. చెప్తే తీసుకుంటారా?"

కార్తీక్ దగ్గర దానికి జవాబు లేదు. ఏడేళ్ల కిందట తీసుకుంటారా లేదా అన్న టెన్షన్ తనకీ ఉంది, అడగడానికి మనిషి లేడు. ఫోన్ ఎడమచేత్తో తీసి డాక్టరు నంబరు వెతికాడు.

"రేపు పొద్దున నేను వెళ్తున్నా. నువ్వూ వస్తున్నావు."

"రేపు ప్రాక్టీస్ ఉంది కదన్నా."

"లేదు. కోచ్‌తో నేను మాట్లాడతా, నీ కాంట్రాక్ట్ గురించి కూడా. ఇలా రా, ఈ పట్టీ ఎలా వేసుకోవాలో చూపిస్తా."