ఆద్యకి ఆరేళ్ళు, ఆదివారం సాయంత్రం అందరూ రండి

అందరికీ నమస్తే అండి, నేను ఆద్య వాళ్ళ అమ్మని. మెసేజ్ కాస్త పెద్దదే, కానీ చివర ఒక చిన్న పని ఉంది, అది మాత్రం చూసి వదిలేయకండి.

ఆద్య పుట్టింది నవంబర్ 14న. బాలల దినోత్సవం రోజే కావడంతో స్కూల్లో జరిగే హడావుడి అంతా తన కోసమేనని గట్టిగా నమ్ముతోంది, మేమూ కాదనలేదు. ఈసారి 14 శుక్రవారం వచ్చింది కాబట్టి ఆ రోజు గుడికి వెళ్ళి రావడం, ఇంట్లో పాయసం, అంతే. పిల్లలందరితో పార్టీ మాత్రం నవంబర్ 16, ఆదివారం సాయంత్రం 5 గంటలకి, ప్రగతి నగర్‌లో మా అపార్ట్‌మెంట్ డాబా మీద. లొకేషన్ కిందే పెడుతున్నాను. మెట్రోలో వచ్చేవాళ్ళు జేఎన్‌టీయూ స్టేషన్‌లో దిగితే అక్కడి నుంచి ఆటో దొరుకుతుంది. కేక్ ఆరింటికి, భోజనాలు ఏడింటికల్లా మొదలుపెట్టేస్తాం, మర్నాడు స్కూలు ఉంది కదా, ఎనిమిదిన్నరకి మిమ్మల్ని నేనే పంపించేస్తాను. చీకటి పడగానే డాబా మీద చలిగాలి తగులుతోంది, పిల్లలకి ఒక స్వెటర్ పడేసుకు రండి.

ఎవరెవరిని పిలవాలో తనే రాసి ఫ్రిజ్‌కి అంటించింది. ఇరవై రెండు పేర్లు, సగం ఒత్తులు లేవు, ఒక పేరు పక్కన మాత్రం "తప్పకుండా" అని ఉంది, అది ఎవరి పేరో ఇక్కడ చెప్తే ఇంట్లో నాకు గొడవైపోతుంది.

ఇక అసలు విషయం, భోజనాలు. పోయినేడాది నేను ఎవరినీ లెక్క అడగలేదు, ఓ ఇరవై ఐదు మంది వస్తారులే అనుకుంటే నలభై మంది దాకా వచ్చారు, రావడం సంతోషమే, కానీ రాత్రి ఎనిమిదింటికి మా అత్తయ్య పట్టుచీర కొంగు దోపుకుని పెద్ద గిన్నెతో ఉప్మా కలపాల్సి వచ్చింది. ఆ ఉప్మానే బాగుందని ఇప్పటికీ కొందరు అంటారు (ఆవిడ ఆ మాట నాకు వారానికోసారి గుర్తు చేస్తారు). ఈసారి ఆ టెన్షన్ వద్దు.

పైగా ఇది కార్తీకమాసం. నాన్‌వెజ్ మానేసిన ఇళ్ళు చాలా ఉంటాయి, కొన్ని ఇళ్ళలో నాన్నలు మాలలో ఉన్నారు, ఉల్లి వెల్లుల్లి కూడా తినరు. అందుకని ఇంట్లో వండించేదంతా వెజ్జే: పులిహోర, పూరీ కూర, వెజ్ బిర్యానీ, పెరుగన్నం, గులాబ్ జామ్. ఉల్లి వెల్లుల్లి లేని కూర, పప్పు విడిగా చేయిస్తాం, ముందే చెప్తే చాలు. కావాలన్నవాళ్ళకి చికెన్ బిర్యానీ బయట నుంచి తెప్పిస్తాం, హలాల్‌దే, దానికి టేబుల్ డాబాకి ఆ చివర ఉంటుంది, గరిటెలు కలవవు. కేక్ ఎగ్‌లెస్.

ఒక్కటి మాత్రం దయచేసి మొహమాటపడకుండా చెప్పండి: మీ పిల్లలకి ఏదైనా పడదా? మన వంటల్లో పల్లీలు ఎక్కడెక్కడ ఉంటాయో వండినవాళ్ళకే గుర్తుండదు, పులిహోరలో కనిపిస్తాయి సరే, కూరలో పొడి చేసి వేసేస్తే ఎవరు కనిపెడతారు? పాలు, గుడ్డు, జీడిపప్పు, ఏదైనా సరే, వంటావిడతో నేనే స్వయంగా మాట్లాడతాను. గ్రూపులో చెప్పడం ఇష్టం లేకపోతే నాకు విడిగా మెసేజ్ పెట్టండి.

వస్తున్నవాళ్ళు ఇలా ఒక్క లైన్ పెడితే చాలు:

"ఆద్య – పెద్దలు 2, పిల్లలు 1, వెజ్, పల్లీలు పడవు"

అన్నయ్యలు, చెల్లాయిలు, ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మలు అందరూ లెక్కలోకే వస్తారు, తీసుకురండి, కానీ అంకెలో కలపండి. 11వ తేదీ మంగళవారం రాత్రిలోగా చెప్పేయండి, వంటావిడకి బుధవారం పొద్దున్నే లెక్క ఇవ్వాలి. రాలేకపోతే "ఈసారి కుదరదు" అన్నా చాలు, ఏమీ అనుకోను. ఉత్త బొటనవేలు బొమ్మ పెడితే మాత్రం వస్తున్నట్టో, చదివినట్టో నాకు అర్థం కాదు, ఫోన్ చేసేస్తాను.

గిఫ్టులు వద్దండి, నిజంగానే అంటున్నాను, బొమ్మలు పెట్టడానికి మంచం కింద కూడా చోటు లేదు. ఉత్తచేతులతో రావడం మీకు మరీ ఇబ్బందిగా ఉంటే మీవాళ్ళు చదివేసిన కథల పుస్తకం ఒకటి తేండి, మేమూ అలాంటిదే ఒకటి ఇచ్చి పంపుతాం.

పిల్లల్ని దింపేసి వెళ్ళిపోదామనుకునేవాళ్ళకి కూడా టీ, మిరపకాయ బజ్జీ ఉన్నాయి, ఆలోచించుకోండి.

మీ అందరి కోసం చూస్తుంటాం,
ఆద్య అమ్మా నాన్న

(ఆద్య ఇప్పుడే పక్కన నిలబడి చెప్పింది: కేక్ మీద డైనోసార్ ఉంటుందట, అది ఎవరికీ చెప్పొద్దట.)