పండగ అమ్మకాల కోసం ప్రచార ప్యాకేజీ: ప్రతిపాదన

నమస్కారమండీ,

నేను ఫ్రీలాన్స్ కాపీరైటర్‌ని. షాపుల వాట్సాప్ మెసేజీలు, ఫ్లెక్సీలు, ప్రకటనల్లో ఉండే మాటలు రాసివ్వడం నా పని. పోయిన వారం మీ షాపులో డ్రెస్ మెటీరియల్ తీసుకున్నప్పుడు బిల్లు మీద నా ఫోన్ నంబరు రాసుకున్నారు. ఈ నంబర్లన్నీ ఏం చేస్తారని అడిగితే "ఏముందమ్మా, పుస్తకంలో అలా పడి ఉంటాయి" అన్నారు. ఆ మాట విన్నాకే మీకు రాయాలనిపించింది.

పండగకి ఇంకా ఐదు వారాలుంది. పెద్ద షోరూములు పేపర్లో ఫుల్ పేజీ వేసి డిస్కౌంటు చెబుతాయి. ఆ పోటీలోకి మీరు దిగితే లాభం కరిగిపోతుంది. అంతకంటే, ఒకసారి మీ దగ్గర కొని నచ్చినవాళ్లను మళ్లీ రప్పించడం తేలిక, ఖర్చూ తక్కువ. వాళ్ల నంబర్లు ఇప్పటికే మీ దగ్గరున్నాయి. ఎప్పుడు, ఏ మాటతో పలకరించాలన్నదే నేను చూసుకుంటాను.

ఎందుకంటే బట్టల షాపులో పండగ కొనుగోళ్లన్నీ ఒకేసారి జరగవు. కుట్టించుకునేవాళ్లు ముందు వస్తారు, టైలర్ దగ్గర ఆలస్యమవుతుందని వాళ్ల టెన్షన్. పిల్లల రెడీమేడ్లు తర్వాత. చివరి మూడు రోజుల్లో వచ్చేవాళ్లకి ధర కన్నా సైజు దొరుకుతుందా, మార్చిస్తారా అన్నదే ముఖ్యం. అందరికీ ఒకటే "బంపర్ ఆఫర్, త్వరపడండి" అని పంపితే ఎవరూ చదవరు. నేను రాసేవి ఇలా ఉంటాయి:

మొదటి వారం: "పండగకి కుట్టించుకోవాలా? గుడ్డ ఇప్పుడే తీసుకోండి. టైలర్లు ఇంకా ఖాళీగానే ఉన్నారు."

చివరి రోజుల్లో: "సైజు సరిపోతుందో లేదోనని ఆగకండి. బిల్లు తెస్తే పండగ మర్నాడైనా మార్చిస్తాం."

రెండోది మీరు సరేనంటేనే పంపుదాం. మాటిచ్చాక కౌంటర్లో కుర్రాడు "కుదరదండీ" అంటే అసలుకే మోసం.

ప్యాకేజీలో ఇవి వస్తాయి: పండగ దాకా ఎనిమిది వాట్సాప్ మెసేజీలు, పండగ అయ్యాక మిగిలిన స్టాకు కోసం ఒకటి, ఏది ఏ రోజు పంపాలో చెప్పే క్యాలెండరు, షాపు ముందు ఫ్లెక్సీకి, లోపల రెండు బోర్డులకి మాటలు. "ధర ఎంత?", "ఇంకో రంగు ఉందా?" లాంటి ప్రశ్నలకి మీ వాళ్లు వెంటనే పంపేలా రెడీ జవాబులు కూడా రాసిస్తాను. పండగ హడావుడిలో ఎక్కువగా అక్కరకొచ్చేవి ఇవే.

ఒక చిక్కుంది. ఒక లిస్టులో ఉన్నవాళ్లందరికీ ఒకేసారి పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ మీ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. ఒక్కో లిస్టులో 256 మందికి మించి పట్టరు. కాబట్టి మొదటి వారమే బిల్లు కౌంటర్ దగ్గర చిన్న కార్డు పెడదాం: "మా నంబరు సేవ్ చేసుకోండి, కొత్త స్టాకు ముందు మీకే చూపిస్తాం." వద్దన్నవాళ్ల పేరు లిస్టులోంచి తీసేయాలి. విసిగిస్తే బ్లాక్ చేస్తారు, ఉన్న కస్టమరూ పోతారు.

లేని ఆఫర్ మాత్రం రాయను. రెండు చీరల మీదే సగం ధర ఉంటే షాపంతా సగం ధరన్నట్టు రాయమంటే కుదరదు. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం చర్య తీసుకోవచ్చు. అదలా ఉంచినా, మీ పేరు ఊళ్లో వాళ్ల నోట్లో నలుగుతుంది.

మొత్తం ఫీజు 12,000 రూపాయలు. మొదలుపెట్టేటప్పుడు 5,000, అన్నీ మీ చేతికొచ్చాక మిగతాది. రెండుసార్లు మార్పులు ఇందులోనే. డిజైన్, ప్రింటింగ్ ఖర్చులు వేరు, అవి నేరుగా ప్రింటర్‌కే ఇవ్వండి, మధ్యలో నాకు కమీషన్ లేదు. అమ్మకాలు ఇంత పెరుగుతాయని హామీ ఇవ్వలేను. కానీ ప్రతి మెసేజీలో ఒక చిన్న గుర్తు మాట పెడతాను. వచ్చినవాళ్లు ఆ మాట చెబితే బిల్లు మీద రాసుకోండి. ఏ మెసేజ్ జనాన్ని తెచ్చిందో పండగయ్యాక మీకే తెలుస్తుంది.

మీవైపు నుంచి నాకు కావాల్సింది కొత్త స్టాకు వివరాలు, ఆఫర్లు, ఒక గంట టైము. పొద్దున్నే షాపు తెరవకముందైతే మీకూ వీలుగా ఉంటుందనుకుంటాను. ఫ్లెక్సీ ప్రింటర్లకి పండగ ముందు ఊపిరాడదు కాబట్టి ఈ శుక్రవారంలోగా మాట చెబితే సోమవారం కూర్చుందాం. ఈ ఉత్తరం పంపిన వాట్సాప్ నంబరుకే ఫోన్ చేయండి. మధ్యాహ్నం రెండు తర్వాత ఎప్పుడైనా ఎత్తుతాను.

ఇట్లు,
మీ కస్టమర్, ఫ్రీలాన్స్ కాపీరైటర్